ఇల్లు ఖాళీగా ఉన్న ఆ నాలుగు రోజుల్లో

పాత వాళ్లు సామాను దింపుకుని వెళ్లిపోయాక, కొత్త వాళ్లు వచ్చి పాలు పొంగించుకునే లోపు ఫ్లాట్‌లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. గోడలకు రంగు పడుతుంది. కారే కుళాయి మారుతుంది. తలుపు గొళ్లెం బిగుసుకుంటుంది. బాత్‌రూమ్ టైల్స్ యాసిడ్‌తో కడుగుతారు. ఇవన్నీ కంటికి కనిపించే పనులు, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగే పనులు కూడా. ప్రాణం తీసేవి మాత్రం ఎవరూ అడగరు. గీజర్ పొగ ఎటు పోతోంది, ఎంసీబీ వెనకాల తీగ మందం ఎంత, వంటగది గట్టు కింద గాలి ఆడుతోందా అని అద్దెకు వచ్చేవాళ్లు అడగడం చాలా అరుదు. అడిగినా, లోపం ఉంటే సరిచేసే అధికారం వాళ్లకు లేదు. గోడలో తీగ మార్చాలన్నా, కప్‌బోర్డ్ తలుపుకు కన్నాలు పెట్టాలన్నా ఓనరే చేయాలి.

బ్రిటన్‌లో ఇల్లు అద్దెకిచ్చే తెలుగువాళ్లను అడిగి చూడండి. అక్కడ ఓనర్ ఏడాదికోసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజినీరుతో గ్యాస్ పరికరాలన్నీ పరీక్ష చేయించి, ఆ రికార్డు ప్రతిని కొత్తగా దిగేవాళ్లకు ముందే ఇవ్వాలి. 1998 నాటి నిబంధన అది. మన దగ్గర అలా తలుపు తట్టి అడిగేవాళ్లు లేరు. కాబట్టి ఆ పని ఎవరో చెప్పి చేయించాల్సింది కాదు, ఓనరే తలపెట్టి చేయించుకోవాల్సింది. ఇల్లు పూర్తిగా ఖాళీగా, ప్లగ్గులన్నీ తీసేసి, కప్‌బోర్డులన్నీ తెరిచి దొరికే రోజులు మళ్లీ రెండు మూడేళ్ల దాకా రావు.

హైదరాబాద్‌లో పదిహేనేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి అనుకుందాం. వంటగది ఎనిమిదడుగులు బై పదడుగులు. అటాచ్డ్ బాత్‌రూమ్ ఐదడుగులు బై ఏడడుగులు, తొమ్మిదడుగుల ఎత్తు. అందులో గ్యాస్ గీజర్. ఇలాంటి ఇంట్లో అడుగుపెడితే నేను నేరుగా ఆ బాత్‌రూమ్‌కే వెళతాను.

గ్యాస్ గీజర్ అంటే గోడకు తగిలించిన పెద్ద పొయ్యి. నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్లు ఇచ్చే మామూలు గీజర్ వంటింటి బర్నర్ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ గ్యాస్ కాలుస్తుంది. ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే అది ఇరవై నిమిషాలు మండుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో సుమారు 300 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. అంత గ్యాస్ పూర్తిగా కాలడానికి దాదాపు నాలుగు ఘనపు మీటర్ల గాలి కావాలి. మనం చెప్పుకున్న బాత్‌రూమ్ మొత్తంలో ఉండే గాలే తొమ్మిది ఘనపు మీటర్లు. చలికాలం పొద్దున తలుపు వేసుకుని, వెంటిలేటర్ అద్దాలు కూడా మూసుకుంటే ఉన్న గాలిలో సగం దాకా మంటే లాగేస్తుంది. వదిలిన వేడి పొగ అదే గదిలో తిరుగుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే ముక్కు పసిగడుతుంది. ఎందుకంటే కంపెనీలే ఆ కంపు కలుపుతాయి. కాలిన పొగలో ఆ కంపు కూడా కాలిపోతుంది కాబట్టి ముక్కు ఏమీ చెప్పదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, ఆ తర్వాత వికారం, కాళ్లలో బలం పోవడం. తలుపు తీసుకుని బయటికి రావాలనే ఆలోచన వచ్చేసరికి లేచే సత్తువ ఉండదు. లోపలి నుంచి గడియ వేసిన స్నానాల గదిలో మనిషి పడిపోయి దొరికాడని పేపర్లో చదివే వార్తల్లో చాలావాటి వెనక జరిగింది ఇదే.

అందుకే దీని మీద నా మాట సూటిగా చెబుతాను. బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని సర్వీసింగ్ చేయించి ఊరుకోవద్దు, తీసేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారు. తలుపు కింద సందు లేకుండా మూసిన గదిలో ఫ్యాన్ తిరిగినా లోపలికి వచ్చే గాలి ఉండదు. పైగా ఫ్యాన్ స్విచ్ వేయడం మరిచిపోయే రోజు ఒకటి తప్పక వస్తుంది. గీజర్‌ను బయట బాల్కనీలో పెట్టించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవడం ఒక దారి. ఆ బాల్కనీ నిజంగా తెరిచి ఉండాలి సుమా. చాలా ఫ్లాట్లలో యుటిలిటీ బాల్కనీకి దుమ్ము రాకుండా జరిపే అద్దాలు బిగించేస్తున్నారు. అద్దాలు మూస్తే అది ఇంకో బాత్‌రూమే. లేదంటే కరెంటు గీజర్ పెట్టించడం రెండో దారి. అప్పుడు కరెంటు లైను దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఆ సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

బయట పెట్టిన గీజర్‌ను కూడా ఒకసారి వెలిగించి చూడాలి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగులాడుతున్నా, గీజర్ పైభాగంలో గోడకు మసి పట్టి ఉన్నా గాలి చాలడం లేదనో, బర్నర్ మూసుకుపోయిందనో అర్థం. కొత్త రంగు వేసే ముందే ఆ గోడను చూడండి. రంగు పడ్డాక ఆ మసి గుర్తు మాయమవుతుంది.

ఇక వంటగది. ఎల్పీజీ గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు రెండు శాతం చేరిందంటే నిప్పురవ్వ దొరికితే అంటుకుంటుంది. మన వంటగది అంతటా సమానంగా కలిస్తే ఆ స్థాయికి చేరడానికి కిలోకి కాస్త తక్కువ గ్యాస్ పడుతుంది. కానీ అది నేల మీద ఒక అడుగు ఎత్తులోనే నిలిచిందనుకోండి, నూరు గ్రాములు చాలు. నిండు బండలో ఉండేది 14.2 కిలోలు. అంటే బండ ఖాళీ అయ్యేంత లీకు అక్కర్లేదు, రాత్రంతా సన్నగా కారితే సరిపోతుంది.

బండ, రెగ్యులేటర్, పైపు వచ్చేవాళ్లవి. ఓనర్‌ది ఆ బండ కూర్చునే చోటు. పాత ఇళ్లలో గట్టు కింద తెరిచే ఉండేది. ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ పేరుతో ముందు తలుపు, పక్కన ప్లైవుడ్, వెనక గోడ పెట్టి బండను పెట్టెలో బంధిస్తున్నారు. ఆ అరలో మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేసి చూడండి. తలుపు అడుగు భాగంలో, నేలకు తాకేంత కిందుగా గాలి కన్నాలు లేదా జాలీ ఉన్నాయా? లేకపోతే వడ్రంగిని పిలిచి పెట్టించాలి. కన్నాలు పైన పెట్టి సరిపెట్టుకుంటే లాభం లేదు, గ్యాస్ కింద నిలుస్తుంది. ఆ తర్వాత గ్రానైట్ గట్టులో పైపు కోసం తొలిచిన రంధ్రం అంచును వేలితో తడమండి. చాలా చోట్ల అది కోసిన అంచు, కత్తిలా ఉంటుంది. పొయ్యి జరిపినప్పుడల్లా పైపు దానికి రాసుకుంటుంది. అంచు నునుపు చేయించి, రబ్బరు వాషర్ బిగిస్తే పని అయిపోతుంది, పది నిమిషాలు పట్టదు.

అదే అరలో ఇంకొకటి తప్పక చూడాల్సింది స్విచ్‌బోర్డు. వాటర్ ప్యూరిఫయర్ కోసమో, చిమ్నీ కోసమో గట్టు కింద సాకెట్ పెట్టి ఉంటారు. బండ పక్కనే నేలకు దగ్గరగా ఉన్న సాకెట్‌లో ప్లగ్ పీకినప్పుడు రవ్వ వస్తుంది. దానంతటదే ఆగి నడిచే ఫ్రిజ్‌ను బండ ఆనుకుని పెట్టించేలా పాయింటు ఇచ్చినా అదే ముప్పు. ఆ పాయింట్లను గట్టు పైకి మార్పించాలి.

మీరే పొయ్యి ఇస్తున్నట్టయితే దానితో పాటు పైపు కూడా కొత్తది వేయండి. ఐఎస్ 9573 గుర్తు ఉన్న నారింజ రంగు సురక్షా గొట్టమే తీసుకోవాలి. దాని లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది. తయారైన నెల, ఏడాది గొట్టం మీదే అచ్చువేసి ఉంటాయి. పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకు మార్చాల్సిందే. పాత పైపు బాగానే ఉందనుకుంటే ఒకసారి వంచి చూడండి, వంపులో సన్నని గీతలు కనిపిస్తే అది అయిపోయినట్టే. లీకు పరీక్ష సబ్బునీళ్లతోనే చేయాలి. రెగ్యులేటర్ దగ్గర, పొయ్యి ముక్కు దగ్గర నురగ రాసి బుడగ లేస్తుందేమో చూడాలి. అగ్గిపుల్ల వెలిగించి చూపించే మెకానిక్‌ను అక్కడితో పంపించేయండి.

కనెక్షన్ విషయంలో ఒక పద్ధతి బాగా అలవాటైంది. ఓనర్ పేరున్న బండనే అద్దెవాళ్లు వాడుకోవడం, లేదా పాతవాళ్లు వదిలేసింది కొత్తవాళ్లకు అప్పగించడం. చమురు కంపెనీలు వినియోగదారుల కోసం బీమా చేయిస్తాయి గానీ, ప్రమాదంలో ఆస్తి నష్టం లెక్కకు వచ్చేసరికి రికార్డులో నమోదైన చిరునామానే చూస్తారు. వచ్చేవాళ్లు తమ కనెక్షన్‌ను ఈ చిరునామాకు మార్పించుకోవాలని ముందే చెప్పడం మంచిది.

మీ ఫ్లాట్‌కు పైపులో వచ్చే గ్యాస్ ఉంటే లెక్క తిరగబడుతుంది. అది మీథేన్, గాలి కంటే తేలిక, పైకి పోతుంది. కింద కన్నాలు కాదు, పైన వెంటిలేటర్ తెరిచి ఉండాలి. వంటగదికి జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించిన వాళ్లు వెంటిలేటర్ ఆ సీలింగ్ పైకి పోయి మూసుకుపోలేదు కదా అని చూడాలి. గ్యాస్ అలారం పెట్టాలనుకున్నా ఇదే సూత్రం. బండ గ్యాస్‌కు నేల నుంచి అడుగు ఎత్తులో, పైపు గ్యాస్‌కు పైకప్పు దగ్గరలో. తప్పు ఎత్తులో పెట్టిన అలారం గోడ మీద బొమ్మే. పాతవాళ్ల పొయ్యి తీసేసిన చోట కవాటం మూసి, పైపు మూతికి మూత బిగించి ఉందో లేదో కూడా చూడండి. బండ గ్యాస్‌కు చేసిన పొయ్యిని జెట్‌లు మార్చకుండా పైపు గ్యాస్‌కు తగిలించకూడదు. ఆ పని గ్యాస్ కంపెనీ మనిషి చేతే చేయించాలి.

ఇప్పుడు కరెంటు. ఈ ఫ్లాట్ కట్టిన రోజుల్లో ఒక ఏసీ, ఒక గీజర్ వస్తాయని లెక్కేసి తీగలు లాగారు. ఇప్పుడు వచ్చే కుటుంబానికి రెండు ఏసీలు, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషిన్, మైక్రోవేవ్ ఉంటాయి. బరువు ఎక్కువైనప్పుడల్లా ఎంసీబీ పడిపోతుంది. పాతవాళ్లలో ఎవరో విసుగెత్తి ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, ఆయన 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి వెళతాడు. ఆ రోజు నుంచి కరెంటు పోదు, అందరూ హాయిగా ఉంటారు. లోపల జరిగేది వేరు. గోడలోని 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ గొట్టంలో సుమారు 20 ఆంపియర్ల దాకా మోయగలదు. 32 ఆంపియర్ల ఎంసీబీ 30 ఆంపియర్లు పారుతున్నా కదలదు, అది దాని పని పరిధిలోదే. అంటే తీగ కాలుతున్నా కాపలా మేలుకోదు.

డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత విప్పించి ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో ఎంసీబీ మీదున్న అంకెను, దాని నుంచి పోయే తీగ మందాన్ని పక్కపక్కన రాయించండి. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్లు మామూలుగా వేసేవి. తీగ మోయగలిగినదానికంటే ఎంసీబీ పెద్దదిగా ఉన్న ప్రతిచోటా ఎంసీబీని తగ్గించాలి, లేదా తీగ మార్చాలి. మూడో మార్గం లేదు.

ఎంసీబీ ఎంత సరైనదైనా పట్టుకోలేని లోపం ఒకటుంది. అది వదులైన స్క్రూ. తీగ బిగువుగా లేని చోట కరెంటు ఇరుకుగా పారి వేడెక్కుతుంది. పారేది మామూలు కరెంటే కాబట్టి ఎంసీబీకి తేడా తెలియదు. గీజర్, ఏసీ పాయింట్ల ప్లేట్లు విప్పిస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒక ఇంట్లో అలా విప్పినప్పుడు చూశాను. బయటికి ప్లేటు తెల్లగా, రంధ్రం చుట్టూ మాత్రం టీ మరక లాంటి చార. లోపల ఎర్రతీగ తొడుగు ఒక అంగుళం మేర నల్లబడి, వేలు తగిలితే పెంకులా రాలింది. స్క్రూ ఒకటిన్నర చుట్టు తిరిగింది. ఆ గీజర్ అంతకు ముందు రోజు దాకా వాడుతూనే ఉన్నారు. ప్లేట్లు విప్పడం అయ్యాక బరువైన పరికరం ఏదైనా అరగంట నడిపి, ఆపి, ప్లగ్ పీకి దాని కాళ్లు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ మార్చాలి.

ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే చేయగలిగే పరీక్ష ఇంకొకటి ఉంది. ప్లగ్గులన్నీ తీసి, బల్బులు విప్పి, మెగ్గర్ అనే పరికరంతో తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. ఒక మెగాఓమ్‌కు తగ్గితే ఎక్కడో తేమ చేరిందనో, తొడుగు చెడిందనో అర్థం. పై ఫ్లాట్ బాత్‌రూమ్ నీళ్లు ఊరే గోడ ఉన్న ఇళ్లలో ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అప్పుడే చూడండి. తడిచేత్తో షాక్ కొట్టిన మనిషిని కాపాడేది అదే, ఎంసీబీ కాదు. దాని మీద 'టి' అని ఉన్న బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది పనిచేయట్లేదు. పడినా ఎర్తింగ్ బాగుందని మాత్రం అనుకోవద్దు. ఆ బటన్ ఎర్త్ తీగను పరీక్షించదు. మూడో రంధ్రం నిజంగా నేలకు కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్ విడిగా కొలిచి చెప్పాలి.

చివరిగా, నిప్పంటూ అంటుకుంటే లోపలివాళ్లు ఎటు వస్తారు? 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పొద్దున్నే నిప్పంటుకుని 17 మంది పోయారు. బయటికి రావడానికి ఇరుకైన దారి తప్ప వేరే దారి లేని ఇల్లది. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిలవచేసిన రసాయనాలు అంటుకుని, పొగ పై అంతస్తులకు ఎగసింది. రెండు చోట్లా మనుషుల్ని ఎక్కువగా చంపింది పొగే. మన ఫ్లాట్‌కు సంబంధించి ఇందులో చూడాల్సింది, దొంగల భయంతో బాల్కనీకి, కిటికీలకు నిలువునా వెల్డింగ్ చేసిన గ్రిల్స్. ఒక్క గ్రిల్‌లోనైనా మనిషి దూరేంత తలుపు తెరిచేలా పెట్టించి, దాని తాళంచెవి లోపల అందరికీ కనిపించేచోట వేలాడదీయాలి. ప్రధాన ద్వారం లోపలి నుంచి తాళంచెవితోనే తెరుచుకునే రకమైతే, చేత్తో తిప్పితే తెరుచుకునే తాళంగా మార్చాలి. పొగలో తాళంచెవి వెతకడం కుదరదు. పడకగదుల మధ్య పైకప్పుకు బ్యాటరీతో పనిచేసే పొగ అలారం ఒకటి బిగించి, వంటగది గుమ్మం దగ్గర, పొయ్యి దాటి వెళ్లక్కర్లేని చోట రెండు కిలోల ఏబీసీ పొడి సిలిండర్ ఒకటి తగిలించండి. దాని ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి.

ఇదంతా అయ్యాక కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం షెడ్యూలు ఒకసారి చూడటం మంచిది. ఇంటి లోపలి, బయటి వైరింగ్ బాధ్యత ఓనర్‌దని, స్విచ్‌లు, సాకెట్లు, గీజర్ మరమ్మతులు అద్దెవాళ్లవని అది విడదీస్తుంది. రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే అయినా, మీ అగ్రిమెంటులో ఆ విభజన రాసుకోవడానికి అడ్డేమీ లేదు. చెడిన సాకెట్ అద్దెవాళ్లు మార్చుకోవాలంటే, అప్పగించిన రోజు అది బాగుందని రుజువు ఉండాలి కదా. అందుకే ఎలక్ట్రీషియన్ రాసిన ఎంసీబీల పట్టిక, మెగ్గర్ అంకె, ఆర్‌సీసీబీ పరీక్షించిన తేదీ, గొట్టం మీది తేదీ ఒక కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంటుకు జతచేసుకోండి. ఇల్లు అప్పగించేటప్పుడు మెయిన్ స్విచ్ ఎక్కడుందో, పైపు గ్యాస్ కవాటం ఎటు తిప్పితే మూసుకుంటుందో ఇంట్లోవాళ్లందరి చేతా చేయించి చూపించండి. ఎల్పీజీ లీకైతే లైటు వేయకుండా, ఆర్పకుండా, తలుపులు తీసి బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయాలని ఆ కాగితం మీదే రాయండి.

మంచిరోజు ముంచుకొచ్చి, మేస్త్రీలు దొరక్క ఈ పనుల్లో కొన్ని మిగిలిపోవచ్చు. పొగ అలారం వారం తర్వాత బిగించినా, కప్‌బోర్డుకు జాలీ పెట్టేదాకా దాని తలుపు విప్పి పక్కన పెట్టినా గడిచిపోతుంది. పెద్ద ఎంసీబీ ఉన్న లైనును ఆపేసి, అది మార్చేదాకా వాడొద్దని చెప్పవచ్చు. బాత్‌రూమ్‌లోని గ్యాస్ గీజర్‌కు మాత్రం అలాంటి గడువు లేదు. దాని పైపు విప్పి, గోడ మీంచి దించాకే తాళాలు ఇవ్వాలి.